దూడ పారుతుంటే ఏం తాగించాలి?

పాడి ఉన్న ఇంట్లో చిన్న దూడ పారుకోవడం మొదలుపెట్టగానే పెద్దవాళ్ళ నోట వచ్చే మాట ఒకటుంది: "పాలెక్కువ తాగింది, అరగలేదు. రెండ్రోజులు తల్లి దగ్గరికి వదలకండి." ఆ వెంటనే పశువుల డాక్టరును అడిగే ప్రశ్న: "పారుడు కట్టడానికి మందేదైనా ఉందా?" పసిబిడ్డకు విరేచనాలైతే ఓఆర్ఎస్ పట్టాలని అదే ఇంట్లో అందరికీ తెలుసు. దూడ దగ్గరికొచ్చేసరికి దానిమ్మ తొక్క కషాయం, మజ్జిగ, మనుషులకు వాడగా మిగిలిన మాత్ర అన్నీ వరసగా అయ్యాక, ఎప్పటికో నీళ్ళ సంగతి గుర్తొస్తుంది. అప్పటికి దూడ లేచి నిలబడే స్థితిలో ఉండదు.

అయితే దూడకు పాలు ఆపాలా? ఏ నీళ్ళు పట్టాలి, ఎన్ని పట్టాలి? ఇంట్లో చేసే వైద్యం ఎక్కడిదాకా పనికొస్తుంది? నెల లోపు వయసున్న ఆవు దూడలు, గేదె దూడల వరకే ఈ అధ్యాయంలో మాట్లాడుకుందాం. ఆ వయసు దాటితే కారణాలూ వేరు, లెక్కలూ వేరు.

పేడతో పాటు ఏం పోతుంది?

పుట్టిన నాలుగు రోజుల్లోపు పారుడు పట్టిందంటే చాలావరకు ఈ-కోలై బ్యాక్టీరియా పని. అయిదో రోజు నుంచి రెండు మూడు వారాల దాకా రోటా వైరస్, పశువుల కరోనా వైరస్ (మనకు తెలిసిన కోవిడ్‌ది కాదు, వేరే రకం), క్రిప్టోస్పొరీడియం అనే కంటికి కనిపించని పరాన్నజీవి కారణమవుతాయి. ఒక్కోసారి రెండు మూడు కలిసే ఉంటాయి. పేడ తెల్లగా ఉందనో, పసుపుగా ఉందనో చూసి ఇది ఫలానా క్రిమి అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వైరస్ మీదా, క్రిప్టోస్పొరీడియం మీదా మామూలు యాంటీబయాటిక్ పనిచెయ్యదు. అందుకే "మంచి ఇంజెక్షన్ వేయించాం, అయినా తగ్గలేదు" అన్నవాళ్ళను చూసి డాక్టర్లు ఆశ్చర్యపోరు. జ్వరం ఉన్నా, పేడలో నెత్తురు పడుతున్నా, దూడ బాగా నీరసించినా యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. ఆ నిర్ణయం డాక్టరుది.

క్రిమి ఏదైనా దూడను చంపే దారి దాదాపు ఒకటే. ఈ-కోలై విషం పేగు గోడను మభ్యపెట్టి, లోపలి నీటిని బయటికి వదిలేలా చేస్తుంది. వైరస్‌లు పేగు లోపలి సన్నని నూగును కొరికేస్తాయి. తాగిన పాలనూ, నీటినీ పీల్చుకునేది ఆ నూగే. అది పోయాక లోపలికి వచ్చినది వచ్చినట్టే బయటికి పోతుంది. చిన్న దూడ ఒంటి బరువులో నూటికి డెబ్బై పాళ్ళకు పైగా నీరే. ముప్పై కిలోల దూడ గట్టిగా పారితే ఒక్క రోజులో రెండు మూడు లీటర్లు పోగొట్టుకోవడం వింత కాదు. ఒంటి బరువులో పదో వంతు నీరు పోతే కాళ్ళు చల్లబడతాయి. ఏడో వంతు పోతే బతకడం కష్టం.

నీటితో పాటు ఉప్పు పోతుంది. దానికంటే ప్రమాదమైనది, కంటికి కనిపించనిది మరొకటి పోతుంది. అది ఒంట్లోని క్షారం, అంటే మన వంటసోడాలో ఉండే పదార్థమే. రక్తం పులుపెక్కకుండా కాపాడేది అదే. అది పేడలో కొట్టుకుపోతూ ఉండగా, అరగని పాలలోని చక్కెర పేగుల్లో పులిసి ల్యాక్టిక్ ఆమ్లంగా మారి రక్తంలో చేరుతుంది. ఆ ఆమ్లంలో ఒక రకాన్ని దూడ ఒళ్ళు తొందరగా వదిలించుకోలేదు. దూడ మత్తుగా పడి ఉండడానికీ, తాగినవాడిలా తూలడానికీ, పాలు చీకడం మానెయ్యడానికీ చాలాసార్లు నీటి కరువు కంటే ఈ పులుపే కారణం. కాబట్టి తాగించే నీళ్ళు మూడు పనులు చెయ్యాలి. నీరు నింపాలి, ఉప్పు నింపాలి, పులుపు విరగ్గొట్టాలి.

ఒకే కాడికి రెండెడ్లు

పేగు పాడైపోయి పారుతున్నప్పుడు నోటి ద్వారా పోసిన నీళ్ళు మాత్రం ఎలా నిలుస్తాయి? ఉత్త నీళ్ళు పోస్తే పెద్దగా నిలవవు. ఉత్త ఉప్పునీళ్ళు పోసినా అంతే. ఇక్కడే ప్రకృతి ఒక దారి తెరిచి ఉంచింది. పేగు గోడలో ఉప్పులోని సోడియంనూ, గ్లూకోజునూ కలిపి మాత్రమే లోపలికి లాక్కునే ఏర్పాటు ఒకటుంది. కాడికి రెండెడ్లూ కట్టినప్పుడే బండి కదిలినట్టు, సోడియం ఒక్కటే వచ్చినా, గ్లూకోజు ఒక్కటే వచ్చినా అది నడవదు. రెండూ జోడుగా లోపలికి వెళ్ళినప్పుడు నీరు వాటి వెంట బండిలా వెళుతుంది. పారుడు ఎంత తీవ్రంగా ఉన్నా ఈ ఏర్పాటు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఈ-కోలై విషం దీన్ని ముట్టుకోదు. వైరస్ నూగును కొరికినా అక్కడక్కడా మిగిలిన నూగు ఈ పని చేస్తుంది.

ఈ కిటుకును జనం మధ్యకు తెచ్చినవాళ్ళలో కలకత్తా డాక్టరు దిలీప్ మహలనబిస్ పేరు ముందు చెప్పుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో బన్‌గావ్ నిండిపోయింది. అక్కడ కలరా విరుచుకుపడింది. నరంలోకి ఎక్కించే సెలైన్ అయిపోయింది. ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తూచి పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి తాగించమని రోగుల బంధువులకే ఇచ్చారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఆ పొట్లంలో వంటసోడా ఉందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, దూడ దగ్గర మళ్ళీ దానితో పని పడుతుంది.

మనిషికీ దూడకూ దారులు విడిపోయే చోటు ఒకటుంది. ఊళ్ళలో చాలా దూడలు నష్టపోయేది అక్కడే. బిడ్డకైతే గ్లూకోజు లేకపోతే పంచదార వేసినా పని జరుగుతుంది. పంచదార అంటే గ్లూకోజూ ఫ్రక్టోజూ అతుక్కుని ఉన్న పదార్థం. మన పేగులో ఒక రసాయనం ఆ అతుకును విడదీస్తుంది. దూడ పేగులో ఆ రసాయనం లేదు. ఆవు, గేదె, మేక, గొర్రె ఏ పిల్లకైనా ఇంతే, తల్లి పాలలోని చక్కెరను విడదీసే రసాయనం ఉంటుంది కానీ చెరకు చక్కెరను విడదీసేది ఉండదు. పంచదార ఎద్దు కాడి కిందికి రాదన్నమాట. పైగా అరగకుండా పేగులోనే నిలిచి, చుట్టూ ఉన్న నీటిని తన వైపు లాక్కుని, పారుడును ఇంకా పెంచుతుంది. బెల్లంనీళ్ళదీ ఇదే కథ. గంజి మేలు కదా అంటారు కొందరు. మొదటి మూడు వారాల్లో పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి దూడకు బాగా తక్కువ. అందువల్ల గంజి మీదా ఆశ పెట్టుకోలేం. దూడకు కావలసింది గ్లూకోజే.

దూడకు తగ్గ నీళ్ళు

దూడల కోసమే తయారుచేసిన ఓఆర్ఎస్ పొడి పశువుల మందుల దుకాణంలో దొరికితే అంతకంటే మంచిది లేదు. అది దొరకని చోట మనుషుల ఓఆర్ఎస్‌ను ఆధారం చేసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్ మీద ఈ అంకెలుంటేనే తీసుకోండి. పేరు దగ్గరగా ఉండే తియ్యటి పళ్ళరసాల పెట్టెలు దూడకు పనికిరావు, వాటిలో పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ.

ఈ కొలతలో దూడకు ఒక లోటుంది. పులుపు విరిచే సిట్రేటు బిడ్డకు సరిపోతుంది కానీ దూడకు సరిపోదు. దూడకు దాదాపు రెట్టింపు కావాలి. ఆ లోటును వంటసోడా తీరుస్తుంది. లీటరు ఓఆర్ఎస్‌కు టీ చెంచాలో సగం, పైన వేలితో సరిచేసి చదును చేసిన సగం, అంటే సుమారు రెండున్నర గ్రాములు కలిపితే క్షారం రెట్టింపవుతుంది, సోడియం కూడా దూడకు కావలసిన మేరకు పెరుగుతుంది. సగం చెంచా మంచి చేస్తుంటే రెండు చెంచాలు ఇంకా మంచి చేస్తాయని అనుకోకూడదు. ఎక్కువైతే ఉప్పు ఒంట్లో పేరుకుని మెదడు మీదికి వస్తుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడరు వేరు, బట్టల సోడా అసలే వేరు. ఆ రెండూ దగ్గరికి రానివ్వొద్దు.

కలపడంలో జరిగే పొరపాట్లు కొన్ని నేను పదేపదే చూస్తుంటాను. మందుల షాపులో రెండు రకాల ప్యాకెట్లుంటాయి. ఇరవయ్యొక్క గ్రాముల పెద్దది లీటరు నీళ్ళకు. నాలుగు గ్రాముల పైచిలుకు ఉండే చిన్నది గ్లాసుడు నీళ్ళకు, అంటే 200 మిల్లీలీటర్లకు. చిన్న ప్యాకెట్‌ను లీటరులో కలిపితే అది ఉత్త నీళ్ళతో సమానం. పెద్దదాన్ని గ్లాసులో కలిపితే చిక్కబడి పేగులోకే నీరు లాగుతుంది. వెనక వైపు చదివి, లీటరు మంచినీళ్ళ సీసాతో కొలిచి కలపడం ఒక్కటే ఉపాయం. నీళ్ళు కాచి చల్లార్చినవి, చేతికి గోరువెచ్చగా తగిలేవి కావాలి. చలికాలం పొద్దున్నే చల్లటి నీళ్ళు పడితే దూడ ఒంట్లో మిగిలిన కాస్త వేడీ వాటిని వెచ్చచెయ్యడానికే ఖర్చవుతుంది. ఒకరోజు కలిపింది మర్నాటికి దాచకూడదు.

ఇవి పాలలో కలపడానికి కావు. పాలు దూడ పొట్టలో పెరుగులా గడ్డకడితేనే నిదానంగా అరుగుతాయి. సోడా అందుకు అడ్డం పడుతుంది. పాలకూ ఈ నీళ్ళకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. ఎడం ఉంచమన్నంత మాత్రాన పాలు ఆపమని కాదు. గేదె పాలు లీటరులో సుమారు వెయ్యి కేలరీల శక్తి ఉంటుంది. లీటరు ఓఆర్ఎస్‌లో యాభై నాలుగు. రెండ్రోజులు ఓఆర్ఎస్ మీదే ఉంచితే నీటి కరువు తీరి ఆకలితో నీరసించే దూడ తయారవుతుంది. పాలు కొనసాగించిన దూడల్లో పారుడు పెరగలేదనీ, బరువు తగ్గడం తక్కువగా ఉందనీ పరీక్షల్లో తేలింది. ఒక్కసారే కడుపు పట్టా తాగనివ్వకుండా, అంతే పాలను మూడు నాలుగు సార్లుగా పంచితే చాలు.

తొమ్మిది రోజుల పెయ్యదూడ

గుంటూరు జిల్లాలో ఒక ఇంటి గేదె పెయ్యదూడను ఉదాహరణగా తీసుకుందాం. తొమ్మిది రోజుల వయసు, పారడం మొదలై మూడో రోజు. నేను వెళ్ళేసరికి పాకలో ఓ మూల నిలబడి ఉంది, తల వంచుకుని.

"రెండ్రోజులుగా పాలు మానిపించాం డాక్టరుగారూ. అయినా పారుతూనే ఉంది," అంది ఇంటావిడ.

"మరి ఏం తాగుతోందమ్మా?"

"పంచదార నీళ్ళు. గొట్టంతో పోస్తున్నాం. దూడను వదలకపోయేసరికి గేదె కూడా సరిగా చేపడం లేదు."

పేడ ఎలా ఉందని అడిగితే "ఇవాళ తగ్గినట్టుంది" అన్నారు. మట్టి నేల కావడంతో నీళ్ళ పేడ ఇంకిపోయి మరక మాత్రం మిగిలింది. తోక, వెనక తొడలు మాత్రం తడిసి అట్టకట్టి ఉన్నాయి. నేల చూసి తగ్గిందనుకోవద్దు, తోక చూడాలి. ఒంట్లో నీరు బాగా అడుగంటినప్పుడు పేడ రావడమే తగ్గిపోతుంది, అది మెరుగు కాదు.

మొదట చిటికెన వేలు కడుక్కుని దూడ నోట్లో పెట్టాను. నోరు వెచ్చగా ఉంది. వేలిని చీకింది, బలంగా కాదు గానీ లయ తప్పకుండా. తర్వాత మెడ పక్క చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి మడతలా లేపి వదిలాను. ఆరోగ్యంగా ఉన్న దూడలో వదలగానే సర్దుకుంటుంది. ఇక్కడ మూడు సెకన్లు పట్టింది. అన్నిటికంటే నమ్మదగినది కన్ను. కింది రెప్పను కాస్త కిందికి లాగి చూస్తే, కనుగుడ్డుకూ రెప్పకూ మధ్య సందు కనిపిస్తుంది. బడిపిల్లల స్కేలు పక్కన పెడితే నాలుగు మిల్లీమీటర్లుంది. ఆ మిల్లీమీటర్లను సుమారు 1.7తో హెచ్చవేస్తే ఒంటి బరువులో నూటికి ఎన్ని పాళ్ళ నీరు పోయిందో తెలుస్తుంది. నాలుగు మిల్లీమీటర్లంటే ఏడు శాతం. థర్మామీటరు 101.8 డిగ్రీల ఫారన్‌హీట్ చూపింది, దూడకు అది మామూలే. కాళ్ళు చల్లబడలేదు. తోస్తే నాలుగడుగులు వేసింది.

బరువు కోసం ఆ ఇంటి కుర్రాడు దూడను ఎత్తుకుని తూకం మీద నిలబడ్డాడు. తొంభై ఆరు. దింపేసి నిలబడితే అరవై ఆరు. అంటే దూడ ముప్పై కిలోలు. ముప్పైలో ఏడు శాతం అంటే రెండు లీటర్ల పైచిలుకు నీరు ఇప్పటికే లోటు. పారుడు ఇవాళే ఆగదు కాబట్టి రాబోయే ఇరవై నాలుగు గంటల్లో మరో రెండు లీటర్లు పోతాయని అనుకోవాలి. మామూలు రోజుకు కావలసిన నీరు పాల నుంచి వస్తుంది. మొత్తానికి నాలుగు లీటర్ల ఓఆర్ఎస్, మూడు లీటర్ల పాలు. ఇదీ మొదటి రోజు లెక్క.

గొట్టం పక్కన పెట్టించి రబ్బరు పీక ఉన్న సీసా తెప్పించాను. దూడ తనంతట తాను చీకి మింగితే ఊపిరితిత్తుల్లోకి పోయే భయం ఉండదు. వెదురు గొట్టంతో తల పైకెత్తి పోస్తే పొలమారి, నిమోనియాతో పోయే దూడలు తక్కువేమీ కాదు. ఉదయం తొమ్మిదికి మొదటి లీటరు పట్టారు. ముప్పావు వంతు తాగి ఆపింది, మిగతాది అరగంటాగి తాగింది. పదకొండున్నరకు లీటరు పాలు. రెండింటికి మళ్ళీ ఓఆర్ఎస్. అయిదింటికి పాలు. ఏడున్నరకు ఓఆర్ఎస్. రాత్రి పదింటికి పాలు, పన్నెండున్నరకు నాలుగో లీటరు. గేదె చేపడానికి ఎలాగూ దూడ కావాలి కనుక పిండే పూట కాసేపు పొదుగు దగ్గర వదిలి, ఆ తాగినంత మేర సీసా పాలు తగ్గించమన్నాను. పక్కనే శుభ్రమైన ఉత్త నీళ్ళ గిన్నె కూడా ఉంచాలి.

సాయంత్రం ఫోనులో నేను అడిగింది పేడ గురించి కాదు, మూత్రం పోసిందా అని. పోసింది. నీరు పేగును దాటి మూత్రపిండాల దాకా చేరిందనడానికి అంతకంటే రుజువు లేదు. కానీ మర్నాడు ఉదయం ఇంటివాళ్ళు దిగులుగానే ఉన్నారు. పేడ ఇంకా నీళ్ళలాగే ఉంది మరి. ఓఆర్ఎస్ పారుడును కట్టదు. కొన్నాళ్ళపాటు పేడ కాస్త పెరిగినట్టు కూడా కనిపించొచ్చు. పాడైన నూగు తిరిగి మొలిచేదాకా దూడను నీటితో నిలబెట్టి ఉంచడం వరకే దాని పని. కన్ను చూస్తే సందు రెండు మిల్లీమీటర్లకు దిగింది, మెడ మడత వెంటనే సర్దుకుంటోంది, వేలిని లాగి మరీ చీకుతోంది. లోటు లీటరుకు తగ్గింది, పారుడుకు మరో రెండు కలిపి ఆ రోజు మూడు లీటర్లు. మూడో రోజు పేడ చిక్కబడింది, రెండు లీటర్లతో సరిపెట్టాం. ఆ తర్వాత ఓఆర్ఎస్ ఆపేసి, పాలు మళ్ళీ రెండు పూటలకు మార్చారు.

ఒక జాగ్రత్త మనుషుల కోసం. క్రిప్టోస్పొరీడియం, సాల్మొనెల్లా మనకూ అంటుకుంటాయి. నోట్లో వేలు పెట్టినవాళ్ళు, దూడను ఎత్తుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లలను ఆ నాలుగు రోజులూ దూడ దగ్గరికి వెళ్ళనివ్వకపోవడమే మంచిది.

నోటి నీళ్ళు చాలని దూడ

పై లెక్కంతా దూడ చీకగలిగి, నిలబడగలిగి, నీటి లోటు ఎనిమిది శాతం లోపు ఉన్నప్పుడే పనికొస్తుంది. కంటి సందు అయిదు మిల్లీమీటర్లు దాటిందంటే, మెడ మడత అయిదు సెకన్లకు పైగా అలాగే నిలిచిందంటే నోటి నీళ్ళను నమ్ముకుని కూర్చోకూడదు. ఆ దశలో ఒళ్ళు పేగులకు రక్తం పంపడం తగ్గించి గుండెకూ, మెదడుకూ మళ్ళిస్తుంది. రక్తం అందని పేగు పోసిన నీళ్ళను పీల్చుకోలేదు. కడుపు ఉబ్బుతుంది, నీళ్ళు గళగళమంటాయి, దూడ మాత్రం ఎండిపోతూనే ఉంటుంది. ఇలాంటి దూడకు నరంలోకి సెలైన్ ఎక్కించాల్సిందే. ముప్పై కిలోల దూడలో పది శాతం లోటంటే మూడు లీటర్లు. గ్లూకోజు బాటిల్ ఒకటి ఎక్కించి వెళ్ళిపోతే అందులో ఉప్పూ లేదు, క్షారమూ లేదు.

నోటి చలి, కాళ్ళ చలి, వంద డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువ ఒంటి వేడి, ఈ మూడూ జ్వరం కంటే భయపడాల్సినవి. జ్వరం ఉందంటే ఒళ్ళు ఇంకా పోరాడుతోంది. చల్లబడిందంటే రక్తప్రసరణ సన్నగిల్లింది. 104 డిగ్రీలు దాటిన జ్వరం, పేడలో నెత్తురు, ఉబ్బిన బొడ్డు, వాచిన కీళ్ళు కనిపిస్తే క్రిమి పేగు దాటి రక్తంలోకి చేరిందన్న అనుమానం. వాటికీ డాక్టరు కావాలి.

ఎక్కువమంది పొరబడేది వేరే రకం దూడ దగ్గర. పన్నెండు పదిహేను రోజుల వయసు, పారుడు మరీ అంత ఎక్కువగా లేదు. కంటి సందు చూస్తే రెండు మిల్లీమీటర్లే. కానీ లేపితే తూలిపోతుంది, కాసేపటికి కూలబడుతుంది. వేలు నోట్లో పెడితే చీకదు, ఊరికే నములుతుంది, లేదా ఏమీ చెయ్యదు. కంటి రెప్పను వేలితో తాకితే ఆలస్యంగా ఆర్పుతుంది. నీరు చాలా పోలేదు కదా, రేపటికి లేస్తుందిలే అనిపిస్తుంది. ఇక్కడ చంపుతున్నది నీటి కరువు కాదు, మొదట్లో చెప్పుకున్న పులుపు. మొదటి వారం దాటిన దూడల్లో కళ్ళు లోతుకు పోకుండానే రక్తం బాగా పులిసిపోతుంది. వాటికి నరంలోకి సోడా ద్రావణం ఎక్కించాలి. ఎంతన్నది డాక్టరు లెక్కకట్టి ఇస్తారు. సరైన వేళకు అందితే కొన్ని గంటల్లోనే లేచి పొదుగు వెతుక్కునే దూడలున్నాయి. అందుకే కన్నూ, చీకడమూ, నిలబడడమూ మూడూ చూడాలి. మూడింటిలో ఏ ఒక్కటి చెడినా ఆ దూడ తీవ్రమైనదే.

గేదె దూడల్లో మరో సంగతి. రెండు మూడు వారాల వయసులో పేడ బూడిద రంగులో, తడి బంకమన్నులా, భరించలేని వాసనతో వస్తే పెద్ద ఏలికపాముల మీద అనుమానం పడాలి. ఇవి తల్లి పాలతోనే దూడలోకి వస్తాయి. నీళ్ళు ఎన్ని పట్టినా ఏలికపాములు పోవు, నులిపురుగుల మందు కావాలి. అది పది నుంచి పదిహేను రోజుల మధ్యే పట్టించే అలవాటు ఉన్న ఇళ్ళలో ఈ బెడద చాలా తక్కువ.

ఇంట్లో వైద్యం మొదలుపెట్టినా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మళ్ళీ కన్ను కొలవండి. సందు తగ్గకపోతే, మూత్రం పొయ్యకపోతే, రెండు వరస పూటలు పాలు వద్దంటే ఆగకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేదా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చెయ్యండి. ఫోనులో "దూడ పారుతోంది" అని ఊరుకోకుండా వయసెంత, బరువెంత, ఎన్నాళ్ళుగా పారుతోంది, చీకుతోందా, లేస్తోందా, కంటి సందు ఎంత, ఒంటి వేడి ఎంత, ఇప్పటిదాకా ఏం పట్టారు అన్నవి చెప్పండి. డాక్టరు ఏ బాటిళ్ళతో బయల్దేరాలో వాటిని బట్టే తేల్చుకుంటారు. డాక్టరు వచ్చేలోగా చీకలేని దూడ నోట్లో ఏమీ పొయ్యకండి. పక్కకు పడిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి మోపులు ఆనించి, ఒళ్ళు తుడిచి, పొడి గోనెసంచులు కప్పి ఉంచండి.